నీలం టిక్కుకీ జవాబుకీ మధ్య

(దంపతుల కౌన్సెలర్ ఒకరు గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ ఇంకా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ముందుగా ఒక ప్రయోగం గురించి చెబుతాను. నాన్సీ కాలిన్స్, బ్రూక్ ఫీనీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2004లో దీన్ని ప్రచురించారు. ప్రేమలో ఉన్న జంటల్ని పిలిపించారు. ఇద్దరిలో ఒకరు కెమెరా ముందు నిలబడి ప్రసంగం చెయ్యాలి, ఆ వీడియో తర్వాత వేరేవాళ్లు చూస్తారు అన్నారు. ఎవరికైనా గుండె దడదడలాడే పనే. రెండోవాళ్లని విడిగా కూర్చోబెట్టారు. వాళ్ల నుంచి ప్రసంగానికి ముందు ఒక చీటీ, అయ్యాక ఒక చీటీ వస్తాయి. చీటీ మీద చేతిరాత తన మనిషిదే. కానీ మాటలు మాత్రం ఆ మనిషివి కావు. పరిశోధకులు రాసిచ్చిన వాక్యాల్ని వాళ్లు తమ చేత్తో దించారంతే. కొందరికి "కంగారు పడకు, నువ్వు బాగా చేస్తావు" అనే తరహా చీటీలు అందాయి. కొందరికి "మరీ తలవంపులయ్యేలా ఏమీ మాట్లాడకు, చాలామంది చూస్తారు" అనే తరహావి అందాయి. ఈ రెండో రకం చీటీ ఉంది చూశారా, దాన్ని ఎలా అయినా తీసుకోవచ్చు. ఎత్తిపొడుపు అనుకోవచ్చు, చనువుతో అన్న మాట అనుకోవచ్చు, తన కంగారులో ఏదో రాసేశాడులే అనీ అనుకోవచ్చు.

మంచి చీటీ అందినప్పుడు పెద్ద తేడా ఏమీ రాలేదు. రెండో రకం చీటీ అందినప్పుడే మనుషులు విడిపోయారు. బంధంలో మొదటినుంచీ ధీమాగా ఉండేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ధీమా లేనివాళ్లకి అదే చీటీ ఎక్కువ గుచ్చుకుంది. ప్రసంగం కూడా వాళ్లు తక్కువగా చేశారు. వీటన్నిటికన్నా నన్ను ఆపేసింది ఇంకో సంగతి. చీటీలకి ముందు ఆ జంట ఇద్దరూ కూర్చుని కొంతసేపు మాట్లాడుకున్నారు. చీటీ చదివాక ఆ మాటల గురించి అడిగితే, ధీమా లేనివాళ్లు "అప్పుడు కూడా నాకు పెద్దగా అండగా లేడు" అన్నట్టు గుర్తు చేసుకున్నారు. అంటే ఇప్పుడొచ్చిన ఒక్క వాక్యం వెనక్కి వెళ్లి, అంతకుముందు జరిగిపోయినదాని రంగు కూడా మార్చేసింది.

మనం రోజూ చేసేదీ ఇదే. చీటీ బదులు వాట్సాప్ ఉంది, అంతే.

ఇక్కడ రెండు అలవాట్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. పసిపిల్లలు తమని పెంచేవాళ్లని ఎందుకు అంటిపెట్టుకుంటారు, వాళ్లు దూరమైతే ఏం చేస్తారు అని జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు సిద్ధాంతం కట్టాడు. మేరీ ఎయిన్స్‌వర్త్ బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లల్ని గమనించి దాన్ని నిలబెట్టింది. పెద్దవాళ్ల ప్రేమలోనూ ఇదే పోకడ ఉంటుందని సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ 1987లో చూపించారు. తమకి కావలసిన మనిషి అందుతాడో లేదో అన్న భయం కలిగినప్పుడు కొందరు గొంతు పెంచుతారు. మళ్లీ మళ్లీ అడుగుతారు, వెతుకుతారు, ఎదుటివాళ్ల ముఖంలో ప్రతి ముడతా చూస్తారు. దీన్ని యాంగ్షస్ అటాచ్‌మెంట్ అంటారు, నేను ఆత్రపు అలవాటు అంటాను. ఇంకొందరు అదే భయానికి ముడుచుకుంటారు. నాకేం అక్కర్లేదు అంటారు, మాట మారుస్తారు, తలుపు వేసుకుంటారు. ఇది అవాయిడెంట్. మనుషుల్ని ఈ రెండు డబ్బాల్లో వెయ్యకండి. ఇవి రెండు కొలతలు. ఒకే మనిషికి రెండూ ఎక్కువ ఉండవచ్చు, రెండూ తక్కువ ఉండవచ్చు. ఒకరి దగ్గర ముడుచుకునే మనిషి ఇంకొకరి దగ్గర ఆత్రపడవచ్చు కూడా.

ఇప్పుడు ఒక జంటని చూద్దాం. సుధాకర్, మాధవి అందాం. నా దగ్గరికి వచ్చిన కొన్ని జంటల సంగతులు కలిపి, పేర్లూ ఊళ్లూ మార్చి చెబుతున్నాను. సుధాకర్‌కి హైదరాబాద్‌లో ఉద్యోగం. మాధవికి నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం, క్యాష్ కౌంటర్ చూస్తుంది. పెళ్లయి మూడేళ్లయింది. సెలవు కలిసొచ్చిన వారాల్లో ఎవరో ఒకరు బండెక్కుతారు. మిగతా రోజులన్నీ ఫోన్ మీదే కాపురం.

ఆ రోజు నెల మొదటి వారం. బ్యాంకులో పెన్షన్ల రద్దీ. మధ్యాహ్నం ఒంటిగంటా పదికి సుధాకర్ "తిన్నావా?" అని పెట్టాడు. ఒకటీ నలభైకి టిక్కులు నీలమయ్యాయి. రెండుంపావుకి జవాబొచ్చింది, "ఊఁ" అని. మామూలుగా అయితే "తిన్నా, నువ్వు?" అని వస్తుంది. నాలుగున్నరకి "బిజీనా?" అన్నాడు. వెంటనే నీలం, జవాబు లేదు. ఆరింటికి "ఏమైంది?" అన్నాడు. కాసేపటికి "ఏం లేదు" అని వచ్చింది. "ఏం లేకపోతే అలా ఎందుకు మాట్లాడుతున్నావు? నేనేమైనా అన్నానా?" అని రెండు మెసేజ్‌లు వెంట వెంటనే. ఒక కాల్, ఎత్తలేదు. ఇంకో కాల్, ఎత్తలేదు. ఏడు కావస్తుండగా, "ఇప్పుడే ఆన్‌లైన్‌లో కనిపించావు. నాతో మాట్లాడ్డానికే టైం లేదా?" ఏడుంపావుకి ఆవిడ నుంచి "తర్వాత మాట్లాడదాం." మరుక్షణం ఇతని నుంచి "సరే. నీకు ఎప్పుడు కుదిరితే అప్పుడే మాట్లాడు. నేనింక డిస్టర్బ్ చెయ్యను." ఆ రాత్రి ఇద్దరూ ఫోన్ చేసుకోలేదు. రెండు రోజులు "గుడ్ మార్నింగ్" తప్ప మాట లేదు.

తర్వాత ఇద్దరూ వచ్చినప్పుడు నేను ఆ చాట్‌ని పక్కన పెట్టుకుని చెరో కాగితం ఇచ్చాను. కాగితం మీద మూడు గడులు. మొదటి గడిలో తెరమీద అక్షరాలా ఏముందో అదే రాయాలి. రెండో గడిలో అది చదివినప్పుడు ఏమనుకున్నారో రాయాలి. మూడో గడిలో ఆ క్షణంలో ఒంట్లో ఏం జరిగిందో, చేతులు ఏం చేశాయో రాయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. ఇంట్లో మీరూ చేసుకోవచ్చు, కానీ గొడవ జరిగిన రోజు కాదు, కనీసం రెండు రోజులు గడిచాక.

సుధాకర్ కాగితంలో "ఊఁ" ఎదురుగా ఇలా ఉంది: "ఆదివారం మా అమ్మ అన్న మాట ఇంకా మనసులో పెట్టుకుంది." మూడో గడిలో "కడుపులో తిప్పినట్టయింది, చాట్ పైకి జరుపుతూ పోయాను." పైకి జరిపితే ఏమైంది? సోమవారం మెసేజ్‌లు, ఆదివారం మెసేజ్‌లు మళ్లీ చదివాడు. చదివినప్పుడు మామూలుగా ఉన్నవే ఇప్పుడు ముభావంగా కనిపించాయి. సోమవారం పొద్దున ఆవిడ పెట్టిన "చేరాను" అన్న మాటలో కూడా కోపం కనిపించింది. చీటీ ప్రయోగంలో జరిగిందే ఇది. తేడా ఏమిటంటే, ఆ ప్రయోగంలో మనుషులు జ్ఞాపకంతో వెనక్కి వెళ్లారు, సుధాకర్‌కి పాత మాటలన్నీ చేతిలోనే ఉన్నాయి. సాక్ష్యం చూసి నిర్ధారించుకున్నాను అనే అతను అనుకుంటున్నాడు.

మాధవి కాగితం చూద్దాం. "ఊఁ" ఎదురుగా ఏమీ లేదు. నోట్లు లెక్కపెడుతూ పెట్టింది, ఆ మాట పెట్టినట్టు కూడా గుర్తులేదు. నాలుగున్నర మెసేజ్ కౌంటర్ ముందు మనుషులు ఉండగా తెరిచి మూసేసింది. అసలు సంగతి అయిదు తర్వాత మొదలైంది. సాయంత్రం క్యాష్ కుదరలేదు. పదివేలు తక్కువొచ్చింది. బ్యాంకులో పనిచేసేవాళ్లు ఇక్కడ ఉంటే వాళ్లకి తెలుసు, తేడా దొరక్కపోతే ఆ డబ్బు కౌంటర్‌లో కూర్చున్నవాళ్లే కట్టాలి. ఎనిమిది దాటాక తెలిసింది, ఒక డిపాజిట్ ఓచర్ రెండుసార్లు ఎంట్రీ అయిందని. డబ్బు పోలేదు. కానీ "ఏం లేదు" అని ఆవిడ టైప్ చేసిన నిమిషానికి ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

మరి "ఏం లేదు" అని ఎందుకు రాశావమ్మా అని అడిగాను. "చెప్తే ఏమవుతుందండీ? ఆయన కంగారు పడతారు. నా గొడవతో పాటు ఆయన కంగారు కూడా నేనే చూసుకోవాలి" అంది. ఈ జవాబు చాలామంది నోట విన్నాను నేను. 1992లో జెఫ్రీ సింప్సన్ బృందం ఒక ప్రయోగం చేసింది. అమ్మాయిలతో, మీరు కాసేపట్లో ఒక భయపెట్టే పరీక్షకి వెళ్లాలి అని చెప్పి, వాళ్లు ప్రేమించిన అబ్బాయితో పాటు గదిలో కూర్చోబెట్టి గమనించారు. ధీమాగా ఉండేవాళ్లు భయం పెరిగేకొద్దీ అబ్బాయికి దగ్గరగా జరిగారు. ముడుచుకునే అలవాటు ఉన్నవాళ్లు భయం పెరిగేకొద్దీ ఇంకా తక్కువ చెప్పుకున్నారు. ఈ వాక్యం జాగ్రత్తగా వినండి. భయం తక్కువున్నప్పుడు కాదు, పెరిగినప్పుడే తక్కువ చెప్పుకున్నారు. అందుకే ముడుచుకునే మనిషి నుంచి వచ్చే పొట్టి జవాబుని చల్లదనంగా చదివితే చాలాసార్లు తప్పవుతుంది. పిల్లల్లోనూ ఇది కనిపించింది. ఎయిన్స్‌వర్త్ చూసిన పిల్లల్లో కొందరు తల్లి గదిలోంచి వెళ్లినా ఏడవకుండా బొమ్మలతో ఆడుకునేవారు. అలాంటి పిల్లల గుండె వేగం కొలిస్తే పైకి కనిపించినంత నిమ్మళంగా లోపల లేరని 1977లో స్రూఫ్, వాటర్స్ రాశారు.

ఇప్పుడు సుధాకర్ దగ్గరికి మళ్లీ వెళదాం, ఎందుకంటే అతనికి న్యాయం చెయ్యాలి. ఇలాంటి మనుషుల్ని ఇంట్లోవాళ్లు "అన్నీ ఊహించుకుంటావు" అంటారు. సుధాకర్ ఊహించుకోలేదు. ఏదో జరిగింది అని అతను పట్టుకున్నాడు, అది నిజమే. "ఏం లేదు" అన్న మాట నిజం కాదని పట్టుకున్నాడు, అదీ నిజమే. తప్పిపోయింది ఎక్కడంటే, "ఏదో జరిగింది" నుంచి "నా వల్లే జరిగింది"కి దూకిన చోట.

దీనికి సాక్ష్యంగా నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. క్రిస్ ఫ్రేలీ, ఆయన సహచరులు 2006లో చేశారు. కంప్యూటర్ తెరమీద ఒక ముఖం. అందులో భావం కొద్దికొద్దిగా మారుతుంది. ఏ భావమూ లేని ముఖంలోకి మెల్లగా కోపమో సంతోషమో వస్తుంది, లేదా ఉన్న భావం మెల్లగా కరిగిపోతుంది. మార్పు కనిపించిన చోట మీరు ఆపాలి. ఆత్రపు అలవాటు ఎక్కువున్నవాళ్లు మిగతావాళ్లకన్నా ముందే ఆపేశారు. ముందే ఆపారు కాబట్టి తప్పులు కూడా ఎక్కువ చేశారు. ఇంతవరకూ మనం ఊహించేదే. పరిశోధకులు అక్కడితో వదలకుండా ఇంకో పని చేశారు. అందరూ ఆ ముఖాన్ని ఒకే అంత సేపు చూసేలా చేశారు. అప్పుడు ఆ ఆత్రపువాళ్లే మిగతావాళ్లకన్నా సరిగ్గా చెప్పారు. అంటే వాళ్ల చూపులో లోపం లేదు, ఇంకా పదునుగా ఉంది. లోపమల్లా పూర్తిగా చూడకముందే తీర్పు ఇచ్చెయ్యడంలో ఉంది.

అందుకే "అంతగా పట్టించుకోకు" అనే సలహా నేను వాళ్లకి ఇవ్వను. పట్టించుకో, కానీ ఇంకాసేపు చూడు అంటాను. మెసేజ్‌లో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఎంతసేపు చూసినా అందులో ఇంకేమీ తేలదు. ముఖమైతే రెండో సెకనులో ఇంకాస్త చెబుతుంది. "ఊఁ" అన్న అక్షరం గంటసేపు చూసినా "ఊఁ" అనే ఉంటుంది. గొంతు లేదు, ముఖం లేదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికలస్ ఎప్లీ బృందం చూపించినది ఇదే. ఈమెయిల్‌లో రాసిన వాక్యం వెటకారమా, మామూలు మాటా అని చదివేవాళ్లు పట్టుకోగలరని రాసినవాళ్లకి గట్టి నమ్మకం. చదివినవాళ్లకీ తాము సరిగ్గా పట్టుకున్నామనే నమ్మకం. తీరా చూస్తే ఊరికే ఊహించి చెప్పినదానికన్నా కొంచెమే మెరుగు. అదే వాక్యం గొంతుతో వింటే చాలా ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. అక్షరాల్లో లేని గొంతుని చదివేవాళ్లు తమ లోపల్నుంచి తెచ్చి పెడతారు. సుధాకర్ తెచ్చిపెట్టిన గొంతు, ఆదివారం నాటి వాళ్లమ్మ గొడవలోంచి వచ్చింది.

మన ఇళ్లల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. పొట్టి జవాబు వెనక చాలాసార్లు పక్కన ఎవరో ఉంటారు. అత్తగారు పక్కన కూర్చుని ఉన్నా, ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ఉన్నా, ఎవరి జవాబైనా "ఊఁ" అనే వస్తుంది. ఈ పరిశోధనలన్నీ ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లో, విడిగా ఉండే యువ జంటల మీద జరిగినవి. ఉమ్మడి ఇంట్లో పొట్టి జవాబుకి ఉన్న కారణాల పట్టీ వాళ్ల పట్టీకన్నా పెద్దది. అది లెక్కలోకి తీసుకోవాలి.

సరే, ఇప్పుడు మాధవి మెసేజ్‌లు చదివే తీరు ఎలా ఉందో చూద్దాం. చాలామంది ఆత్రపు మనిషే తప్పు చదువుతాడు, ముడుచుకునే మనిషి అసలు చదవడు అనుకుంటారు. అందులో కొంత నిజం ఉంది. ముడుచుకునేవాళ్లు బంధాల గురించిన సంభాషణ విన్నప్పుడు అందులోని సంగతులు మొదట్లోనే తక్కువగా మనసులోకి తీసుకుంటారని ఫ్రేలీ ఇంకో ప్రయోగంలో చూపించాడు. కానీ వాళ్లు చదివినప్పుడు ఎలా చదువుతారు? నికోలా ఓవరాల్ న్యూజిలాండ్‌లో పనిచేసే పరిశోధకురాలు. 2015లో ఆవిడ బృందం వేసిన వ్యాసం ఉంది. జంటలు గొడవపడే విషయం మీద మాట్లాడుకుంటారు. నీ భాగస్వామికి ఇప్పుడు ఎంత కోపం, ఎంత బాధ ఉన్నాయని ఒకర్ని అడుగుతారు. నిజంగా ఎంత ఉన్నాయో రెండోవాళ్లు విడిగా చెబుతారు. ముడుచుకునే అలవాటు ఎక్కువున్నవాళ్లు ఎదుటివాళ్ల ప్రతికూల భావాల్ని ఉన్నదానికన్నా ఎక్కువగా అంచనా వేశారు. ఆ ఎక్కువ అంచనా వల్ల వాళ్లు కటువుగా కూడా ప్రవర్తించారు. అంటే పట్టనట్టు కనిపించే మనిషి లోపల ఎదుటివాళ్ల కోపాన్ని భూతద్దంలో చూస్తున్నాడు.

నేను కాగితాల మీద ఇంకో పని కూడా చేయించాను. "ఇప్పుడే ఆన్‌లైన్‌లో కనిపించావు" అన్న మెసేజ్ దగ్గర సుధాకర్‌కి కోపం పదికి ఎంత ఉందనుకున్నావు అని మాధవిని అడిగాను. తొమ్మిది వేసింది. సుధాకర్‌ని నీ కోపం ఎంత, నీ భయం ఎంత అని విడిగా అడిగాను. కోపం నాలుగు, భయం ఎనిమిది వేశాడు. మాధవి ఆ కాగితం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన లెక్క అడుగుతున్నారనుకున్నాను. పొద్దున్నుంచీ కౌంటర్ దగ్గర లెక్క అడిగించుకుంటూనే ఉన్నాను, ఇంటి నుంచి కూడా లెక్కేనా అనిపించింది" అంది. సుధాకర్ మెసేజ్ మళ్లీ చదివి చూడండి. "నాతో మాట్లాడ్డానికే టైం లేదా?" దాంట్లో భయం ఎక్కడుంది? అక్షరాల్లో లేదు. అతను భయాన్ని నిందగా మార్చి పంపాడు, ఆవిడ నింద ఒక్కటే అందుకుంది. అందుకని తప్పు చదివింది ఆవిడే అని తేల్చెయ్యలేం. ఇతను పంపడంలో సగం తప్పు ఉంది, ఆవిడ దాన్ని రెట్టింపు చేసి చదువుకుంది.

ఇక "నేనింక డిస్టర్బ్ చెయ్యను" అన్న ఆఖరి మెసేజ్ చూడండి. అతను "డిస్టర్బ్ చెయ్యి, పర్వాలేదు" అన్న జవాబు కోసం పంపాడు. ఆవిడ దాన్ని అక్షరాలా చదివి, హమ్మయ్య అనుకుంది. ఇద్దరి కాగితాల్లోనూ ఉన్న మాటే చెబుతున్నాను. అతను రాత్రి పన్నెండు వరకూ ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ పడుకుంది. పరీక్ష పెట్టే మెసేజ్ ముడుచుకునే మనిషికి పంపితే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. పరీక్ష అని వాళ్లకి తెలియదు.

మరి వాళ్లిద్దరూ ఏం మార్చుకున్నారు? ఎక్కువేమీ కాదు. సుధాకర్‌కి ఒక పని చెప్పాను. తేడాగా అనిపించిన జవాబు వచ్చినప్పుడు చాట్ పైకి జరపకూడదు. ఆ సమయంలో పాత మాటలు చదివితే అవి సాక్ష్యం కావు, ఇప్పటి భయం వేసిన రంగు కనిపిస్తుంది. దాని బదులు ఆ పొట్టి జవాబుకి మూడు కారణాలు రాసుకోవాలి. అందులో కనీసం రెండింట్లో తన పేరు ఉండకూడదు. ఆ తర్వాత కూడా నిలవలేకపోతే ఒక్క మెసేజ్ పెట్టవచ్చు, కానీ భయం భయంగానే వెళ్లాలి. అతను చివరికి రాసుకున్నది ఇది: "జవాబులు పొట్టిగా ఉన్నాయి, నాకు కాస్త కంగారుగా ఉంది. పనైతే కానీ. నా మీద కోపమైతే రాత్రి చెప్పు." ఇందులో ఇప్పుడే జవాబివ్వాల్సిన ప్రశ్న లేదు. లాస్ట్ సీన్ ప్రస్తావన లేదు.

మాధవికి చెప్పింది, రెండే సంగతులు పంపమని. ఇది నీ గురించి కాదు అన్న మాట ఒకటి, మళ్లీ ఎప్పుడు దొరుకుతానన్న మాట ఒకటి. "క్యాష్ తేడా వచ్చింది, నీ సంగతేం కాదు, తొమ్మిదికి చేస్తా." విషయం అంతా విప్పి చెప్పక్కర్లేదు. అలా అడిగితే ముడుచుకునే మనిషి ఇంకా ముడుచుకుంటుంది. ఆ మాత్రం చాలు.

మొదటి వారంలోనే ఇది బెడిసికొట్టింది. మాధవి "తొమ్మిదికి చేస్తా" అని పెట్టి, ఇంటికెళ్లి, అన్నం తిని నిద్రపోయింది. సుధాకర్‌కి తొమ్మిది దాటిన ప్రతి నిమిషమూ ఒక సాక్ష్యమే. సమయం చెప్పి తప్పడం అసలు చెప్పకపోవడంకన్నా చెడ్డది, ఎందుకంటే అప్పుడు భయానికి ఒక గడియారం దొరుకుతుంది. అందుకని "తొమ్మిదీ పదీ మధ్య" అని మార్చుకున్నారు. తను చెయ్యలేకపోతే పది లోపు "రేపు" అన్న ఒక్క మాట పెట్టాలి. ఈ చిన్న ఏర్పాటు నిలబడడానికి నెలలు పట్టింది. నిలబడ్డాక ఆవిడ "ఊఁ"లు తగ్గలేదు. కానీ ఆ "ఊఁ" చదివాక అతను చేసే పనులు తగ్గాయి.

నీలం టిక్కులు తీసేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. వాట్సాప్‌లో అవి 2014 నవంబరులో వచ్చాయి. సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. ఆపితే ఎదుటివాళ్లు చదివారో లేదో మీకూ కనిపించదు. గ్రూపుల్లో మాత్రం ఆగవు. సుధాకర్ ఆపి చూశాడు. రెండు రోజుల్లో అతని కళ్లు లాస్ట్ సీన్ మీదికి, ఆ తర్వాత ఆవిడ స్టేటస్ ఎప్పుడెప్పుడు పెడుతోందన్నదాని మీదికి వెళ్లాయి. అయినా టిక్కు చెప్పేది చాలా తక్కువ. నీలం అంటే ఆ చాట్ తెరుచుకుంది అని మాత్రమే. కౌంటర్ ముందు మనిషి నిలబడి ఉండగా తెరిచి మూసినా నీలమే. ఒక్క బూడిద టిక్కు అంటే మెసేజ్ ఆ ఫోన్‌కి ఇంకా చేరలేదని. ఫోన్ స్విచాఫ్ అవ్వచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు, బ్లాక్ చేసి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదో టిక్కు చెప్పదు, చదివేవాళ్లే ఒకటి ఎంచుకుంటారు. ఆత్రపు మనిషి మూడోది ఎంచుకుంటాడు.

ఇంకొక్క మాట చెప్పి ప్రశ్నలకి వెళదాం. కొన్నిసార్లు భయం నిజమే అవుతుంది. 1999లో సింప్సన్, విలియం ఇక్స్ బృందం చూసినది ఏమిటంటే, బంధానికి నిజంగానే ముప్పు తెచ్చే పరిస్థితిలో చాలామంది భాగస్వామి మనసులో మాటని చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఆత్రపు అలవాటు ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ఎక్కువ కచ్చితంగా పట్టుకున్నారు. పట్టుకుని ఎక్కువ బాధా పడ్డారు. కాబట్టి "అది నీ అటాచ్‌మెంట్ సమస్య" అని ఎదుటివాళ్ల నోరు మూయించడానికి ఈ మాటలు వాడుకోకండి. అలాగే గంటకోసారి లైవ్ లొకేషన్ అడగడం, ఫోన్ లాక్ తీయించి చాట్‌లు చదవడం, జవాబు ఆలస్యమైతే చెయ్యి చేసుకోవడం, వీటికి ఆత్రపు అలవాటు అని పేరు పెట్టి సర్దుకోవద్దు. అది అజమాయిషీ. అక్కడ నా కాగితమూ గడులూ పనికిరావు. అక్కడ ముందు ఆ మనిషి క్షేమం చూడాలి. ఆడవాళ్లకి 181 హెల్ప్‌లైన్ ఉంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభ నుంచి ఒకావిడ: "మావారు అసలేం చెప్పరండీ. మెసేజ్ పెడితే బొటనవేలు గుర్తు పెడతారు. అది ఆయన అలవాటా, నేనంటే ఇష్టం లేకపోవడమా, నాకెలా తెలుస్తుంది?")

మంచి ప్రశ్నమ్మా. మెసేజ్‌లు చూసి మాత్రం తెలియదు. బొటనవేలు రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉంటుంది. మీరు చూడాల్సింది వేరే చోట. నిజంగా మీకు కావలసిన ఒక పని ఎంచుకోండి. పరీక్ష కోసం కాదు, నిజంగా అవసరమైనదే. ముందు రోజే, గొడవ లేని సమయంలో, నిందా సూచనా లేకుండా అక్షరాలా అడగండి. "రేపు పదింటికి అమ్మని స్కానింగ్‌కి తీసుకెళ్లాలి, నాకు భయంగా ఉంది, మీరు పక్కన ఉండాలి" అని. ముడుచుకునే మనిషికి "మీకసలు నా మీద పట్టింపే లేదు" అనే మాట దాడిలా వినిపిస్తుంది, పారిపోతాడు. సమయం, చోటు, చెయ్యాల్సిన పని చెబితే చాలామంది వస్తారు. వచ్చి ఓదార్పు మాట ఒక్కటీ అనకపోవచ్చు. రిపోర్టులు పట్టుకుని క్యూలో నిలబడతారు, మందులు తెస్తారు. మాటల్లో లేనిది చేతల్లో ఉందేమో అక్కడ కనిపిస్తుంది. ఇంకోటి కూడా గమనించండి. గొడవయ్యాక ఒత్తిడి తగ్గితే ఆయన తనంతట తాను మీ దగ్గరికి వస్తారా? టీ కలిపి తేవడమో, పక్కన వచ్చి కూర్చోవడమో, ఏ రూపంలో అయినా సరే.

ఇలా ఒకసారి కాదు, మూడు నాలుగు సందర్భాల్లో చూడండి. అంత స్పష్టంగా అడిగినా ప్రతిసారీ రాకపోతే, వచ్చి మళ్లీ దగ్గరికి చేరకపోతే, అప్పుడు దానికి అవాయిడెంట్ అని పేరు పెట్టి ఎదురుచూస్తూ కూర్చోకండి. కారణం అలవాటైనా, ఇష్టం లేకపోవడమైనా, మీకు కావలసింది మీకు అందడం లేదు. అది ఆయనతో ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సిన విషయం. ఆయన రానంటే మీరొక్కరే అయినా ఎవరో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. జంటగానే వెళ్లాలని నియమం లేదు.